ఫొటోలోని ఆర్‌ఓసీ గీత: కటాఫ్ ఎక్కడ పెట్టాలి, వైశాల్యం ఏం చెబుతుంది

వైద్య సదస్సులో తెర మీద ఒక బొమ్మ పడుతుంది. చదరపు పెట్టె, కింది ఎడమ మూలలో మొదలై పైకి వంగుతూ పై కుడి మూలకు చేరే గీత, దాని పక్కన AUC = 0.89 అని చిన్న అక్షరాలు. స్లయిడు మారేలోపు నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి ఫొటో తీసుకుంటారు. సాయంత్రానికి ఆ ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. కింద ఎవరో రాస్తారు, "ఈ పరీక్ష 89 శాతం కరెక్టుగా చెబుతుందట" అని. ఆ మాట తప్పు. కానీ ఆ ఫొటోలో ఆ మాట కంటే విలువైన సమాచారం చాలా ఉంది. ఓపిగ్గా చదివితే, గీత వెనక ఉన్న రోగుల లెక్క దాకా బయటికి లాగవచ్చు.

దీనికి ఒక నిజమైన గీతనే తీసుకుందాం. 1982లో 'రేడియాలజీ' పత్రికలో జేమ్స్ హాన్లీ, బార్బరా మెక్‌నీల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ఆర్‌ఓసీ గీత కింది వైశాల్యానికి అర్థమేమిటో వైద్యులకు విడమరిచి చెప్పిన వ్యాసం అది. గీత అంతకు ముందే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రాడార్ పనిలోంచి పుట్టింది. తెర మీద మెరిసిన చుక్క శత్రు విమానమా, ఉత్త అలజడేనా అని తేల్చుకోవడం అప్పటి సమస్య. వాళ్ల వ్యాసంలోని ఉదాహరణ మాత్రం ఆస్పత్రిది. నరాల సంబంధమైన సమస్యలున్న 109 మంది సీటీ స్కాన్లను ఒక రేడియాలజిస్టు చూశారు. ఒక్కో స్కాన్‌కు 1 నుంచి 5 దాకా మార్కు వేశారు. 1 అంటే కచ్చితంగా మామూలుగానే ఉంది, 5 అంటే కచ్చితంగా లోపం ఉంది, 3 అంటే తేల్చలేను. అసలు నిజం ఏమిటన్నది విడిగా తెలుసు: 51 మందికి లోపం ఉంది, 58 మందికి లేదు.

లోపం లేని 58 మందికి 1 నుంచి 5 వరకు మార్కులు వరసగా ఇలా పడ్డాయి: 33, 6, 6, 11, 2. లోపం ఉన్న 51 మందికి 3, 2, 2, 11, 33. ఈ పది అంకెలే మొత్తం సరుకు. గీత అంతా వీటిలోంచే వస్తుంది.

కటాఫ్ అంటే ఏమిటో ఎంసెట్ రాసిన ఇళ్లలో చెప్పనక్కర్లేదు. ఇక్కడా అంతే. 5 మార్కు వచ్చినవాళ్లనే 'లోపం ఉంది' అందాం అనుకుంటే, 51 మందిలో 33 మంది దొరుకుతారు. దాంతోపాటు ఏ లోపమూ లేని 58 మందిలో ఇద్దరు అనవసరంగా ఇరుక్కుంటారు. మొదటిది 0.647, రెండోది 0.034. పెట్టెలో అడ్డంగా 0.034, నిలువుగా 0.647 దగ్గర ఒక చుక్క పెట్టాలి. కటాఫ్ 4కి దించితే దొరికేవాళ్లు 44 మంది, ఇరుక్కునేవాళ్లు 13 మంది. చుక్క అడ్డంగా 0.224కు, నిలువుగా 0.863కు జరుగుతుంది. 3 దగ్గర 46, 19. 2 దగ్గర 48, 25. కటాఫ్ 1 అంటే అందరినీ రోగులనడమే కాబట్టి చుక్క పై కుడి మూలకు పోతుంది. ఈ చుక్కల్ని కలిపితే వచ్చేదే ఆర్‌ఓసీ గీత. నిలువు అక్షం మీద రోగుల్లో ఎంత భాగాన్ని పట్టుకున్నామన్నది ఉంటుంది. దీన్నే సెన్సిటివిటీ అంటారు. అడ్డం అక్షం మీద రోగం లేనివాళ్లలో ఎంత భాగాన్ని తప్పుగా పట్టుకున్నామన్నది ఉంటుంది.

ఇక ఫొటో సంగతి. పక్క సీటులోంచి తీసిన ఫొటోలో చదరం చదరంగా ఉండదు. ఒక పక్క కుంచించుకుపోయి, ఇంకో పక్క సాగి ఉంటుంది. అలాంటి బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిస్తే ప్రతి అంకె కొంత పక్కకు పోతుంది. కాగితాలు స్కాన్ చేసే ఫోన్ యాప్ ఏదైనా చాలు. బొమ్మ నాలుగు మూలలూ దానికి చూపిస్తే తిన్నగా చేసి ఇస్తుంది. అయితే చూపించాల్సిన మూలలు పెట్టె అంచులవి కావు, అక్షాల మీద 0, 1 గుర్తులు కలిసే చోట్లు. గ్రాఫులు గీసే ప్రోగ్రాములు చాలావరకు సున్నాకు కాస్త ఎడమగా, ఒకటికి కాస్త కుడిగా ఖాళీ వదిలి పెట్టె అంచు గీస్తాయి. ఆ అంచునే సున్నా అనుకుంటే ఎడమ కొసన ఉన్న చుక్కలన్నీ నిజంగా ఉన్నదానికంటే అధ్వానంగా కనిపిస్తాయి. కొంపలు మునిగేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే పనికొచ్చే కటాఫ్‌లు ఉండేది ఎడమ కొసనే.

తిన్నగా వచ్చిందో లేదో చూసుకోవడానికి బొమ్మలోనే ఒక సాధనం ఉంది. దాదాపు ప్రతి ఆర్‌ఓసీ బొమ్మలోనూ మూల నుంచి మూలకు ఒక చుక్కల గీత, కర్ణం, ఉంటుంది. అది సరిగ్గా రెండు మూలల్లోనూ తగలాలి, అడ్డంగా 0.5 ఉన్నచోట నిలువుగా కూడా 0.5 ఉండాలి. మధ్యలో విల్లులా వంగితే, పుస్తకం కుట్టు దగ్గర కాగితం వంగి ఉందన్నమాట, లేదంటే మరీ దగ్గరి నుంచి ఫొటో తీశారన్నమాట. యాప్ ఆ వంపును సరిచేయలేదు. ఇంకో ఫొటో తీసుకోవాల్సిందే.

తర్వాత అడ్డం అక్షం పేరు చదవాలి. మామూలుగా `1 - Specificity` అనో `False positive rate` అనో ఉంటుంది, అంకెలు 0 నుంచి 1కి పెరుగుతాయి. కొన్ని బొమ్మల్లో ఉత్త `Specificity` అని ఉండి, అంకెలు 1 నుంచి 0కు తగ్గుతాయి. గీత ఆకారంలో తేడా ఏమీ ఉండదు, చదివే అంకె మాత్రం తలకిందులవుతుంది. ఫొటోలో కింది అంచు తెగిపోయి ఉంటే ఈ సంగతి తెలిసే దారే లేదు. అందుకే ఫొటో తీసేటప్పుడు గీత కంటే ముందు అక్షాల పేర్లు ఫ్రేములోకి రావాలి.

ఇప్పుడు కొలత. తిన్నగా చేసిన ఫొటోను ఏ బొమ్మల ప్రోగ్రాములో తెరిచినా, కర్సర్ ఎక్కడుంటే అక్కడి పిక్సెల్ అంకెలు కనిపిస్తాయి. సున్నా, సున్నా కలిసే మూల అడ్డంగా 180, నిలువుగా 1480 దగ్గర ఉందనుకుందాం. ఎదుటి మూల 1380, 280 దగ్గర. (పిక్సెళ్లను పై నుంచి కిందికి లెక్కపెడతారు కాబట్టి నిలువు అంకె పైకి పోయేకొద్దీ తగ్గుతుంది.) అంటే రెండు వైపులా పొడవు 1200 పిక్సెళ్లు. గీత మీద మనకు నచ్చిన మలుపు 449, 445 దగ్గర ఉంది. అడ్డంగా 449 నుంచి 180 తీసేసి 1200తో భాగిస్తే 0.224. నిలువుగా 1480 నుంచి 445 తీసేసి 1200తో భాగిస్తే 0.8625.

నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇక్కడుంది. ఆ దశాంశాలు గాల్లోంచి వచ్చినవి కావు, మనుషుల్ని లెక్కపెడితే వచ్చినవి. బొమ్మ కింద 51 మంది, 58 మంది అని రాసి ఉంటే, 0.224ను 58తో గుణించాలి. 12.99 వస్తుంది, అంటే 13 మంది. 0.8625ను 51తో గుణిస్తే 43.99, అంటే 44 మంది. కొలతలో చేయి అటూ ఇటూ ఆరు పిక్సెళ్లు కదిలినా తేడా 0.005 మాత్రమే. ఒక్క మనిషి విలువ 58లో ఒకటి, అంటే 0.017. కాబట్టి దగ్గరి పూర్ణాంకానికి సర్దితే చెయ్యి వణుకు మాయమై అసలు లెక్క మిగులుతుంది. గుణించినప్పుడు ప్రతి మలుపు దగ్గరా 12.5, 30.4 లాంటి అంకెలే వస్తుంటే కొలతలో ఎక్కడో పొరపాటు ఉన్నట్టు, లేదా కింద రాసిన సంఖ్యలు ఆ గీతవి కానట్టు.

మనుషుల సంఖ్య రాయకపోయినా ఒక్కోసారి తెలుసుకోవచ్చు. రక్త పరీక్షలాగా ఒక్కొక్కరికీ వేరు వేరు విలువ వచ్చే చోట గీత మెట్లు మెట్లుగా ఉంటుంది. నిలువు మెట్టు ఒక రోగి, అడ్డం మెట్టు ఒక ఆరోగ్యవంతుడు. అన్నిటికంటే చిన్న నిలువు మెట్టు 0.05 ఉందంటే ఆ పరిశోధనలో రోగులు 20 మందే ఉండవచ్చు. గీత పట్టులా నున్నగా ఉంటే రెండే కారణాలు. మనుషులు వేలల్లో ఉండాలి, లేదా చుక్కల మీద ఒక సూత్రంతో నున్నని గీత గీసి ఉండాలి. రెండోదైతే అందులోంచి మనుషుల లెక్క తీయలేం.

ఒక్కటి మాత్రం ఫొటో ఎంత బాగున్నా దొరకదు. ఆ మలుపు దగ్గర కటాఫ్ విలువ ఎంత అన్నది గీతలో ఉండదు. రక్తంలో ఫలానా పదార్థం ఇన్ని యూనిట్లు దాటితే అని బొమ్మ చెప్పదు. ఆ కటాఫ్ పెడితే ఎందరు దొరుకుతారో, ఎందరు ఇరుక్కుంటారో మాత్రమే చెబుతుంది. మలుపు పక్కన అంకె ముద్రించి ఉంటే సరి, లేకపోతే వ్యాసంలోని పట్టిక వెతకాలి. మన ఉదాహరణలో ఐదే మార్కులు కాబట్టి ఏ మలుపు ఏ మార్కుదో వరసను బట్టి తెలిసిపోతుంది. ఎడమ నుంచి మొదటి మలుపు 5, రెండోది 4.

ఇక ఏ మలుపు ఎంచుకోవాలి? చాలా వ్యాసాల్లో కనిపించే పద్ధతి యూడెన్ సూచిక, 1950 నాటిది. నిలువు అంకెలోంచి అడ్డం అంకె తీసేసి, ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ కటాఫ్ పెట్టడం. బొమ్మ మీద అయితే కర్ణం నుంచి గీత నిలువుగా ఎక్కువ ఎత్తున ఉన్న చోటు. మన గీతలో 5 దగ్గర 0.613, 4 దగ్గర 0.639, 3 దగ్గర 0.574. కాబట్టి 4. తేలిగ్గా ఉంది, అందుకే అందరూ వాడతారు. కానీ ఈ లెక్కలో ఒక తీర్పు ఉంది, అది పైకి కనిపించదు.

5 నుంచి 4కు దిగినప్పుడు ఏం జరిగిందో మళ్లీ చూడండి. అదనంగా 11 మంది రోగులు దొరికారు, 11 మంది ఆరోగ్యవంతులు ఇరుక్కున్నారు. ఒకరికి ఒకరు. పెద్దాస్పత్రి స్కాన్ గదికి లక్షణాలతో వచ్చినవాళ్లలో సగం మందికి నిజంగానే లోపం ఉంటే ఈ బేరం మంచిదే. ఇప్పుడు అదే పరీక్షను, అదే గీతతో, వెయ్యి మందిలో 20 మందికే లోపం ఉండే చోట వాడామనుకోండి. కటాఫ్ 5 దగ్గర ఆ 20 మందిలో 13 మంది దొరుకుతారు, మిగతా 980 మందిలో 34 మంది ఇరుక్కుంటారు. 4 దగ్గర 17 మంది దొరుకుతారు, 220 మంది ఇరుక్కుంటారు. ఇంకో నలుగురి కోసం ఇంకో 186 మందిని కంగారు పెట్టాం. దశాంశాలు వదలకుండా లెక్కిస్తే అదనంగా దొరికిన ఒక్కో రోగికి 43 మంది. గీత మారలేదు, మలుపు మారలేదు. వచ్చే మనుషులు మారారు, బేరం మారింది.

ఈ మారకపు రేటును బొమ్మ మీదే చదవవచ్చు. రెండు మలుపుల మధ్య గీత వాలు, అంటే నిలువుగా ఎంత ఎక్కింది, అడ్డంగా ఎంత జరిగింది అన్న నిష్పత్తి తీయండి. 5 నుంచి 4కు అది 1.14. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఒక రోగికి ఎందరు ఆరోగ్యవంతులుంటారో ఆ సంఖ్యను, ఇక్కడ 980కి 20 కాబట్టి 49ని, ఈ వాలుతో భాగించండి. 43 వస్తుంది. 4 నుంచి 3కు వాలు 0.38, కాబట్టి రేటు 129. ఇప్పుడు వైద్యుల ముందున్న ప్రశ్న మామూలు మాటల్లోకి దిగింది: ఒక రోగిని వదిలేయకుండా ఉండటానికి ఎందరిని అనవసరంగా తదుపరి పరీక్షకు పంపడానికి ఒప్పుకుంటారు? 50 మంది దాకా సరే అంటే కటాఫ్ 4. పది మంది కంటే ఒప్పుకోం అంటే 5 దగ్గరే ఆగాలి. 150 దాకా అంటే 3 కూడా దాటవచ్చు. తర్వాతి పరీక్ష మళ్లీ ఒక స్కాన్ అయితే జవాబు ఒకలా ఉంటుంది, పుర్రె తెరవడం అయితే ఇంకోలా ఉంటుంది. ఆ జవాబు గీతలో దొరకదు, దాన్ని మనుషులే చెప్పాలి.

యూడెన్ సూచిక దాచిన తీర్పు ఇదే. ఆ పద్ధతి ఎప్పుడూ వాలు 1 దగ్గర ఆగుతుంది. అంటే వెయ్యికి 20 మంది రోగులున్న చోట, ఒక రోగిని పోగొట్టుకోవడం 49 తప్పుడు హెచ్చరికలతో సమానమని అది చెప్పకుండానే తేల్చేస్తుంది. సగానికి సగం రోగులున్న చోట ఒకటికి ఒకటే సమానమంటుంది. రోగి ప్రాణం విలువ ఊరిని బట్టి యాభై రెట్లు మారదు కదా. ఈ సూచికను వాడవద్దని నేననను, ఏ రేటుకు ఒప్పుకుంటున్నారో పక్కన రాయకుండా వాడటం మాత్రం తప్పంటాను. పై ఎడమ మూలకు అతి దగ్గరగా ఉన్న మలుపును పట్టుకునే ఇంకో పద్ధతి ఉంది. ఆ దూరానికి రోగుల పరంగా ఏ అర్థమూ చెప్పలేం కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఇక వైశాల్యం. ఫొటోలోంచి తీయడం కష్టం కాదు. ప్రతి మలుపు నుంచి కిందికి నిలువు గీత గీస్తే, గీత కింది స్థలం ముక్కలవుతుంది. మొదటిది త్రిభుజం, మిగతావి బడిలో చదివిన సమలంబ చతుర్భుజాలు. రెండు ఎత్తుల సగటును వెడల్పుతో గుణించుకుంటూ పోతే 0.011, 0.143, 0.091, 0.095, 0.552 వస్తాయి. కలిపితే దాదాపు 0.893.

ఈ 0.893కు హాన్లీ, మెక్‌నీల్ చెప్పిన అర్థం చాలా నేరుగా ఉంటుంది. 51 మంది రోగుల్లోంచి ఒకరిని, 58 మంది ఆరోగ్యవంతుల్లోంచి ఒకరిని లాటరీలో తీయండి. రోగికి ఎక్కువ మార్కు పడి ఉండే అవకాశమే ఆ వైశాల్యం. సమానంగా పడితే సగం లెక్క. మొత్తం జతలు 51ని 58తో గుణిస్తే 2958. 5 మార్కు వచ్చిన ప్రతి రోగీ 56 మంది ఆరోగ్యవంతుల్ని దాటుతాడు, ఇద్దరితో సమానం, అంటే 57. అలాంటివాళ్లు 33 మంది కాబట్టి 1881. మిగతా మార్కులవాళ్లనూ ఇలాగే కలిపితే 2642. దాన్ని 2958తో భాగిస్తే మళ్లీ అదే 0.893. ముక్కలు కొలిచినా, జతలు లెక్కపెట్టినా అంకె ఒకటే.

కాబట్టి అది వందలో 89 మంది విషయంలో పరీక్ష సరిగ్గా చెప్పిందని కాదు. పాజిటివ్ వచ్చిన మనిషికి రోగం ఉండే అవకాశం 89 శాతమనీ కాదు. వెయ్యికి 20 మంది ఉన్న చోట కటాఫ్ 4 దగ్గర పాజిటివ్ వచ్చినవాళ్లు 237 మంది, అందులో నిజమైన రోగులు 17 మంది. అంటే నూటికి ఏడుగురు. వైశాల్యం అప్పుడూ 0.893 దగ్గరే ఉంది.

పై ముక్కల్లో చివరిది ఇంకోసారి చూడండి. 0.893లో 0.552, అంటే మొత్తంలో అరవై శాతం పైన, అడ్డంగా 0.43 దాటిన తర్వాతి స్థలానిది. ఆరోగ్యవంతుల్లో నూటికి 43 మందికి పైగా తప్పుగా పట్టుకునే కటాఫ్ ఆస్పత్రులు మామూలుగా పెట్టవు. అరుదుగా తప్ప కాలు పెట్టని ఆ మూల నుంచే అంకెలో ఎక్కువ భాగం వస్తోంది. అందుకే ఒకే ఫొటోలో రెండు పరీక్షల గీతలు ఒకదాన్నొకటి దాటుకుని పోతుంటే, వైశాల్యాలు పోల్చి గెలుపు ప్రకటించకూడదు. మీరు ఒప్పుకోగలిగిన తప్పుడు హెచ్చరికల హద్దు దగ్గర నిలువు గీత గీసి, దానికి ఎడమ పక్కన ఏ గీత పైన ఉందో చూడాలి.

109 మందితో తేలిన అంకెకు ఊగులాట కూడా ఉంటుంది. ఆ వ్యాసంలోనే ప్రామాణిక దోషం సుమారు 0.032గా లెక్కగట్టారు. అంటే అసలు వైశాల్యం 0.83 నుంచి 0.96 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. పైగా అది ఒకే ఒక రేడియాలజిస్టు చూపు. 0.89, 0.91 అని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి రెండోది మేలనడానికి ఇంత చిన్న గుంపు చాలదు.

ఫొటో చూడగానే అనుమానించాల్సిన ఆకారాలు రెండున్నాయి. గీత కర్ణానికి కింద వేలాడుతూ 0.2 లాంటి వైశాల్యం చూపిస్తే, సాధారణంగా రోగులు, ఆరోగ్యవంతులు అన్న పేర్లు తారుమారై ఉంటాయి, లేదా తక్కువ విలువే రోగానికి గుర్తై ఉంటుంది. తిప్పి చూస్తే అదే 0.8. రెండో ఆకారం ఇంకా తరచుగా కనిపిస్తుంది: ఒకే ఒక మలుపు, రెండు తిన్నని గీతలు. మార్కుల్ని ముందే 'ఉంది', 'లేదు' అని రెండు ముక్కలు చేసేసి ఆ తర్వాత గీత గీశారన్నమాట. మన రేడియాలజిస్టు మార్కుల్నే కటాఫ్ 4 దగ్గర అలా రెండు చేసి గీస్తే, మలుపు 0.224, 0.863 దగ్గరే ఉంటుంది కానీ వైశాల్యం 0.893 నుంచి 0.819కి పడిపోతుంది. మనిషి అదే, స్కాన్లు అవే. 'కచ్చితంగా ఉంది', 'ఉండవచ్చు' అన్న వాటి మధ్య ఆయన చూపించిన తేడా గీతలోకి రాకుండా పోయింది.